పొద్దుటి తలనొప్పి

మోటార్ న్యూరాన్ వ్యాధిలో కండరాలకు కదలమని చెప్పే నరకణాలు చచ్చిపోతాయి. ఆ కబురు అందని కండరం చిక్కిపోతుంది. చేతులు పడిపోతే అందరికీ కనిపిస్తుంది. ఊపిరి లాగే డయాఫ్రమ్ నీరసించడం మాత్రం తరచు నిద్రలోనే బయటపడుతుంది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునుకుపాట్లు, వెల్లకిలా పడుకోలేకపోవడం కనిపిస్తే రాత్రి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమోనని చూడాలి. ఇంట్లోవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చిపెడతారు. కానీ లోపం గాలిలో లేదు, గాలిని ఆడించే కండరంలో ఉంది. ఒట్టి ఆక్సిజన్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకోవచ్చు. కావలసింది మాస్కుతో ఊపిరిని అందించే బైపాప్ యంత్రం.

నయం కాని జబ్బుకు ఇదంతా ఎందుకంటారా? 2006లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ వైద్యులు 41 మందితో చేసిన పరిశోధన వెలువడింది. గొంతు కండరాలు మరీ దెబ్బతిననివారిలో ఈ యంత్రం మధ్యస్థ ఆయుష్షును 205 రోజులు పెంచింది. గొంతు బాగా పడిపోయినవారికి ఆయుష్షు పెరగలేదు, కొన్ని బాధలు మాత్రం తగ్గాయి.

‘ఇంకా తింటున్నాడు కదా, పొట్టలో గొట్టం ఇప్పుడే ఎందుకు?’ అన్నదీ న్యాయమైన ప్రశ్నే. మంచినీళ్లకే పొలమారుతుంటే మొదట ద్రవాలను చిక్కగా చేసి ఇస్తారు. బరువు తగ్గుతూ పోతే గొట్టం మాట ఎత్తుతారు, ఎందుకంటే ఊపిరి బాగా తగ్గాక ఆ చిన్న ఆపరేషనే ప్రమాదకరమవుతుంది. గొంతును రికార్డు చేసి దాచుకోవడమూ అంతే. మాట ముద్దగా మారాక ఆ ముద్ద మాటే మిగులుతుంది.