మేకు మొన పైకి ఉన్నచోట

వానలు మొహం చాటేసిన ఏడాది కదిరి, కళ్యాణదుర్గం వైపు ఊళ్ల నుంచి బెంగళూరుకు బేల్దారి పనికి, సెంట్రింగ్ పనికి వెళ్లేవాళ్లు పెరుగుతారు. నిన్నటి దాకా చేలో తిరిగిన హవాయి చెప్పులతోనే చాలామంది స్లాబు ఎక్కుతారు. కాంట్రాక్టరు బూట్లు ఇచ్చిన చోట కూడా వాటి అడుగున ఏముందో అడిగేవాళ్లు తక్కువ.

సెంట్రింగ్ విప్పే రోజు చూడాలి. పలుగుతో లాగిన చెక్కను మేకులతో సహా కిందికి విసురుతారు. మొనలు పైకే ఉంటాయి. తలెత్తి ఇంకో చెక్క లాగుతున్న మనిషి దాని మీద కాలేస్తాడు. మేకు చెప్పును పొడుచుకుని దిగుతూ మట్టినీ, రబ్బరు తునకనూ పాదంలోకి మోసుకుపోతుంది. పైకి చుక్క రక్తమే. లోపల చీము పట్టిందంటే కొన్ని రోజులకు అడుగు మోపలేడు. టీటీ సూది ధనుర్వాతం రాకుండా చూస్తుంది కానీ, ఆ తునకను బయటికి తీయదు.

బూటు ముందున్న ఉక్కు టోపీ గురించి అందరికీ తెలుసు. ఐఎస్ 15298 రెండో భాగం ప్రకారం అది 200 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి. అంటే ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డా వేళ్లు నలగకూడదు. అయితే ఒకసారి అంత దెబ్బ తిన్న బూటును, పైకి బాగానే కనిపించినా, పక్కన పడేయాల్సిందే.

చిక్కంతా అడుగుతోనే. లేబుల్ మీద ఎస్1 అని మాత్రమే ఉంటే టోపీ ఉంటుంది, మేకును ఆపే పలక ఉండాలన్న నియమం లేదు. ఎస్1పీ గానీ, ఎస్3 గానీ ఉండాలి. ఈ పలకను నాలుగున్నర మిల్లీమీటర్ల లావు మేకుతో పరీక్షిస్తారు. 1100 న్యూటన్ల ఒత్తిడి, అంటే దాదాపు 112 కిలోల బరువు మోపినా అది దిగకూడదు. పలకలు రెండు రకాలు. ఉక్కుది సన్న మేకునూ బాగా ఆపుతుంది, కానీ అంచుల దాకా రాదు, వంగదు. గట్టి నేత బట్టది పాదమంతా పరుచుకుంటుంది, తేలిగ్గా ఉంటుంది, కానీ సన్నటి మేకు దాని పోగుల మధ్య దూరే అవకాశం ఎక్కువ. సెంట్రింగ్ విప్పేవాళ్లకు ఉక్కుదీ, రోజంతా గొంతుక్కూర్చుని కడ్డీలు కట్టేవాళ్లకు బట్టదీ ఇవ్వడం సబబు. అందరికీ ఒకటే రకం కొనడం కాంట్రాక్టరుకు సులువే గానీ, వంగని బూటును కడ్డీలు కట్టే మనిషి మధ్యాహ్నానికే విప్పి పెడతాడు.

సైజు కూడా అంతే. ఎండలో నిలబడితే సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, ఉక్కు టోపీ సాగదు. అందుకే నూలు మేజోళ్లతో సాయంత్రం పూట తొడిగి చూడాలి. వేళ్లు టోపీ అంచుకు తగలకూడదు. ఐఎస్ఐ గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. గోదాములో ఏళ్లతరబడి పడివున్న బూట్లయితే అట్టను వంచి చూడాలి. పాలీయూరిథేన్ అట్ట పాతబడితే తొడగకుండానే పగిలి పొడిపొడిగా రాలుతుంది.