తప్పెవరిదో తర్వాత తేల్చుకోండి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చింది. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు దారిలోనే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. తెల్లారేసరికి అందరి నోటా ఒకటే ప్రశ్న: తప్పెవరిది? లాక్‌డౌన్‌దా, మేనేజ్‌మెంట్‌దా, అనుమతులిచ్చిన ఆఫీసులదా?

నాకు ఈ ప్రశ్నతోనే పేచీ. అడగొద్దనడం లేదు. దానికి జవాబు దొరికాకే బాధితుడికి డబ్బు అందాలనడం అన్యాయం అంటున్నాను.

ఎందుకో తెలియాలంటే ఆ ట్యాంకులోకి తొంగి చూడాలి. స్టైరీన్‌ను వదిలేస్తే తనంతట తనే ముద్దకట్టడం మొదలుపెడుతుంది. అలా ముద్దకడుతూ వేడిని పుట్టిస్తుంది. ఆ వేడికి ముద్దకట్టడం ఇంకా జోరందుకుంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, టీబీసీ అనే రసాయనాన్ని కొద్దిగా కలుపుతూ ఉండాలి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిందేమిటంటే, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగునే ఉంది. పైపొర కాగిపోతున్నా కింద మీటరు మామూలుగానే చూపిస్తుంది. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేసేవారు. టీబీసీ నిల్వ లేదు. సైరన్ ఉంది, మోగించలేదు.

ఇప్పుడు చెప్పండి, వెంకటాపురంలో కూలికెళ్లే మనిషికి వీటిలో ఏ ఒక్కటైనా ఎలా తెలుస్తుంది? మామూలు నెగ్లిజెన్స్ కేసులో నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సింది అతనే. రుజువంతా లాగ్‌బుక్‌లో ఉంటుంది. లాగ్‌బుక్ గేటు లోపల ఉంటుంది. అధికారాలన్నీ ఉన్న కమిటీకే ఇదంతా తేల్చడానికి రెండు నెలలు పట్టింది.

ఈ ఇబ్బందికి ఇంగ్లండ్ న్యాయస్థానాలు 1868లోనే ఒక దారి చూపించాయి. రైలాండ్స్ అనే మిల్లు యజమాని చెరువు తవ్వించాడు. ఆ నీళ్లు పాత గని సొరంగాల్లోంచి పక్కనున్న ఫ్లెచర్ గనిలోకి దిగాయి. రైలాండ్స్ వ్యక్తిగతంగా చేసిన తప్పేమీ లేదు. అయినా, ప్రమాదకరమైనదాన్ని తెచ్చి పెట్టుకున్నావు, అది గడప దాటితే నష్టం నువ్వే భరించాలి అన్నారు. ఇదే స్ట్రిక్ట్ లయబిలిటీ. కానీ దీనికి కిటికీలు చాలా ఉన్నాయి: దైవఘటన, బయటివాడి పని, చట్టం ఇచ్చిన అనుమతి. పెద్ద లాయరు ఉంటే లాక్‌డౌన్‌ను కూడా వీటిలో ఏదో ఒక కిటికీలోంచి బయటికి తీయగలడు.

మన సుప్రీంకోర్టు ఆ కిటికీలు మూసేసింది. భోపాల్ జరిగిన ఏడాదికే, 1985 డిసెంబరులో, ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. ఆ కేసులో 1986లో జస్టిస్ భగవతి బెంచి తేల్చిన సూత్రం అబ్సల్యూట్ లయబిలిటీ. ప్రమాదకర పరిశ్రమకు మినహాయింపులు లేవు. పైగా పరిహారం కంపెనీ స్థోమతను బట్టి ఉండాలి, లేకపోతే ఆ దెబ్బ దానికి తగలదు.

మరి వెంకటాపురం విషయంలో? మర్నాడే గ్రీన్ ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమంది, మంచిదే. కానీ ఆ ఉత్తర్వులో వాడిన మాట పాతదే, స్ట్రిక్ట్ లయబిలిటీ. అభ్యంతరాలు వచ్చాక జూన్ ఉత్తర్వులో అబ్సల్యూట్ అని రాశారు. అక్షరాల గొడవ కాదిది. ఒక మాటలో కిటికీలున్నాయి, ఇంకో మాటలో లేవు.

ఇంకో సంగతి. తప్పుతో పనిలేకుండా వెంటనే సాయం అందించడానికే 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు. అందులో ఒక చావుకు రాసిన రేటు 25 వేల రూపాయలు. 2020 నాటికీ అదే రేటు! వెంకటాపురంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చింది రాష్ట్ర ఖజానా. అంటే ముందుగా కట్టింది మనం.

"ఫ్యాక్టరీ 1961 నుంచీ ఉంది, ఇళ్లే తర్వాత దగ్గరికొచ్చాయి కదా" అంటారు కొందరు. ఇళ్లు గోడల దాకా రావడం కంపెనీ కళ్లముందే జరిగింది. ట్యాంకులో ఏముందో తెలిసింది దానికే. ఇల్లు కట్టుకున్నవాడికి గోడే కనిపించింది. జాగ్రత్తగా ఉన్నా కట్టాల్సిందేనా అని అడిగేవాళ్లకు నా జవాబు: అవును. కరెంటు బిల్లులాగే అది కూడా ఆ సరుకు తయారీ ఖర్చే. ఆ ఖర్చు తప్పదని ముందే తెలిస్తే, రాత్రిపూట కూలింగ్ ఆపి ఎంత మిగులుతుందన్న లెక్క ఇంకోలా తేలుతుంది. ట్యాంకు పైభాగంలో ఒక మీటరు పెట్టడం అప్పుడు దండగ ఖర్చులా కనిపించదు.