ల్యాబ్ రికార్డును డిటెక్టర్ తేల్చలేదు, బ్యూరెట్ రీడింగ్ తేలుస్తుంది

బీఎస్సీ మొదటి ఏడాది చదివే ఒక అమ్మాయి కెమిస్ట్రీ రికార్డు ఇచ్చిందనుకుందాం. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం. కాలేజీ ఆ రికార్డును ఏఐ డిటెక్టర్‌లో వేస్తే "ఎక్కువ భాగం ఏఐ రాసిందే" అని వచ్చింది. అమ్మాయేమో తానే రాశానంటోంది. ఎవరి మాట నమ్మాలి?

ముందు డిటెక్టర్ ఏం చూస్తుందో తెలియాలి. చాలా డిటెక్టర్లు ఒక పదం తర్వాత వచ్చే పదాన్ని ఎంత తేలిగ్గా ఊహించవచ్చో లెక్కేస్తాయి. ప్రతి పదం ఊహించినట్టే వస్తుంటే మెషీన్ రాసిందని అనుమానిస్తాయి. ల్యాబ్ రికార్డుతో చిక్కు ఇక్కడే. "20 మి.లీ. మోర్స్ సాల్ట్ ద్రావణాన్ని పిపెట్‌తో కోనికల్ ఫ్లాస్క్‌లోకి తీసుకున్నాను, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపాను" అనే వాక్యాన్ని వేరేగా ఎలా రాస్తారు? మాన్యువల్‌లో అదే ఉంటుంది, సీనియర్ రికార్డులో అదే, మెషీన్ రాసినా అదే. రెండు మార్కుల ప్రశ్నలదీ ఇదే కథ. సరైన జవాబు ఒకటే అయినప్పుడు క్లాసంతా ఒకేలా రాయడం తప్పెలా అవుతుంది?

ఈ సంగతి డిటెక్టర్ తయారు చేసినవాళ్లే ఒప్పుకున్నారు. ఓపెన్ఏఐ 2023 జనవరిలో తెచ్చిన డిటెక్టర్ వెయ్యి అక్షరాల లోపు రాతలకు, ముందే ఊహించగలిగే రాతలకు పనికిరాదని అప్పుడే చెప్పింది. అదే ఏడాది జులైలో కచ్చితత్వం తక్కువని దాన్ని తీసేసింది కూడా. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో వేసి చూశారు. సగటున 61 శాతాన్ని ఏఐ రాతగా చూపించాయి. అన్నీ మనుషులు రాసినవే! నేర్చుకున్న కొద్ది పదాలతో, బట్టీ పట్టిన వాక్యాలతో రాసే మన పిల్లలు ఎటువైపు పడతారో చెప్పక్కర్లేదు.

మరి నిజంగానే మెషీన్‌తో రాయించినవాళ్లను వదిలేయాలా? అక్కర్లేదు. చూడాల్సింది భాషను కాదు, అంకెలను.

అదే ప్రయోగం తీసుకుందాం. 0.05 M మోర్స్ సాల్ట్‌తో పొటాషియం పర్మాంగనేట్ మొలారిటీ కనుక్కోవాలి. 20 మి.లీ. మోర్స్ సాల్ట్‌కు 9.8 మి.లీ. పర్మాంగనేట్ పట్టిందంటే లెక్క ఇలా వస్తుంది:

M = (0.05 × 20) / (5 × 9.8) = 0.0204

లెక్చరర్ ఒక్కో బ్యాచ్‌కి పర్మాంగనేట్‌ను కాస్త ఎక్కువ తక్కువగా పలుచన చేసి, సీసాలకు నంబర్లు వేస్తే చాలు. మూడో నంబర్ సీసాకు 9.8 దగ్గర రావాలి, ఐదో నంబర్‌కు 11.3 దగ్గర. ఆ సీసాలో ఏముందో ఏ మెషీన్‌కీ తెలియదు. సీనియర్ రికార్డు చూసి దింపినా దొరికిపోతారు. రీడింగ్‌లు తీసిన వెంటనే, లెక్క మొదలుపెట్టక ముందే, అబ్జర్వేషన్ నోట్‌బుక్‌లో పెన్నుతో రాయించి సంతకం పెడితే తర్వాత మార్చడానికి వీలుండదు.

అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. ల్యాబ్‌లో మామూలుగా ఉండే బ్యూరెట్‌పై గీతలు 0.1 మి.లీ.కి ఒకటి ఉంటాయి. కాబట్టి 9.83 అని రాసి ఉంటే అడగాల్సిందే. మొదటిసారి చుక్కలు ఎక్కువ పడి 10.1 రావడం, తర్వాత 9.8, 9.8 రావడం చేత్తో చేసిన పనిలో మామూలే. మూడూ సరిగ్గా 10.0 అని ఉంటే అనుమానం రావచ్చు. అయితే అది అనుమానం వరకే, రుజువు కాదు. రీడింగ్‌లు వండడం ఏఐ రాకముందు నుంచీ ఉంది, పక్కవాడివి దింపడమూ ఉంది.

అందుకే చివరికి రెండు ప్రశ్నలు అడగాలి. పర్మాంగనేట్‌కు ద్రావణం పై అంచు దగ్గర రీడింగ్ ఎందుకు తీశావు? ముదురు రంగులో కింది వంపు కనబడదు కాబట్టి. ఫ్లాస్క్‌లో గోధుమరంగు మడ్డి వస్తే? ఆమ్లం సరిపోలేదు, మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడింది. బ్యూరెట్ పట్టుకున్న పిల్లకు ఇవి తడుముకోకుండా వస్తాయి. జవాబు ఉర్దూలోనో తెలుగులోనో చెప్పనివ్వాలి, లేకపోతే పరీక్ష కెమిస్ట్రీకి కాకుండా ఇంగ్లిష్‌కు అవుతుంది. ముప్పై మందికి మూడేసి నిమిషాలంటే గంటన్నర. లెక్చరర్‌కు ఇది భారమే. రోజుకి ఐదారుగురిని చీటీ తీసి అడిగినా, తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియక అందరూ సిద్ధమై వస్తారు.

మొదట చెప్పిన అమ్మాయి విషయానికొస్తే, ఇంట్లోవాళ్లు డిటెక్టర్ శాతం మీద వాదించి లాభం లేదు. సంతకం ఉన్న అబ్జర్వేషన్ నోట్‌బుక్ తీసుకెళ్లి రికార్డులోని రీడింగ్‌లతో పోల్చి చూడమనాలి, అమ్మాయిని అక్కడే ప్రశ్నలు అడగమనాలి. నోట్‌బుక్‌లో సంతకమే లేకపోతే, అదే సీసాతో ఇంకోసారి టైట్రేషన్ చేయనివ్వమని కోరాలి. అరగంట పని.