తాళం వేశాం సరే... తాళంచెవి ఎక్కడ?

మా మామయ్యగారికి తుపాకీ లైసెన్సు ఉంది. చిత్తూరు జిల్లాలో అడవిని ఆనుకున్న ఊరు మాది. వేరుశనగ చేలమీద అడవిపందులు పడుతుంటే ఎప్పుడో తీసుకున్నారట. రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పడం, హడావుడి సద్దుమణిగాక తెచ్చుకోవడం ఆయనకి అలవాటే. 2024 ఎన్నికలయ్యాక కూడా అలాగే తెచ్చి, పాత పంచెలో చుట్టి బీరువా మీద పెట్టారు. "పిల్లలకి అందదులేమ్మా" అన్నారు. నేనూ సరేననుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులకి మా ఆడపడుచు కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, వంటింట్లోకి వచ్చి, "అత్తా, తాతయ్య తుపాకీ ఎక్కడుందో చెప్పనా?" అన్నాడు. చెప్పాడు. అక్కడితో ఆగలేదు. "తూటాలు బీరువాలో కింది అర, బిస్కట్ల డబ్బాలో. తాళంచెవి అమ్మమ్మ దిండు కింద!" నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వాడు ముట్టుకోలేదుట. ఒట్టు పెట్టాడు కూడా. కానీ బీరువా పక్కన ప్లాస్టిక్ స్టూలు ఎవరు లాగి పెట్టారో ఎవ్వరూ చెప్పలేకపోయారు.

"వాడికి గట్టిగా చెప్తే సరి" అన్నారు మా వారు. చెప్తే వింటారా అని అమెరికాలో కొందరు డాక్టర్లు ఓ పరిశీలన చేశారు. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. అట్లాంటాలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలు 64 మందిని, ఇద్దరు ముగ్గురు చొప్పున ఓ గదిలో వదిలారు. సొరుగుల్లో రెండు నీళ్ళ పిస్తోళ్ళు, గుళ్ళు లేని అసలు పిస్తోలు ఒకటి దాచారు. అద్దం వెనకనుంచి పావుగంట చూశారు. 48 మందికి అసలుది కనబడింది. 30 మంది చేతిలోకి తీసుకున్నారు. 16 మంది ట్రిగ్గర్ నొక్కేశారు. కనబడిన వాళ్ళలో సగంమంది దాకా అది బొమ్మో నిజమో తేల్చుకోలేకపోయారు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఏమిటంటే, పట్టుకున్న పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా 'తుపాకీ ముట్టుకోకూడదు' అనే పాఠాలు అంతకుముందు విన్నవాళ్ళే! అంటే చెప్పొద్దని కాదు. చెప్పాం కదా అని తాళం వేయడం మానేస్తే కుదరదు.

మామయ్యగారితో ఈ మాట ఎత్తడానికి నాకు రెండు రోజులు పట్టింది. కోడలు చెప్పడమేమిటని ఆయన అనుకుంటారేమోనని జంకాను. ఆయన మాత్రం విని, "పద, ఇవాళే చేద్దాం" అన్నారు.

పిల్లల్ని పెరట్లోకి పంపి, మనుషులెవరూ లేని వైపుకి గొట్టం తిప్పి, మీట నొక్కి తుపాకీని మధ్యకి విరిచారు. రెండు గొట్టాల్లోనూ చూశారు. చూడడంతో సరిపెట్టక వేలు పెట్టి తడిమారు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారుట. ముఖ్యంగా పిస్తోలు విషయంలో. పిడిలోంచి గుళ్ళ అర బయటికి లాగేసి ఖాళీ అయిపోయిందనుకుంటారు. అప్పటికే గొట్టంలోకి ఎక్కిన గుండు ఒకటి లోపల ఉండిపోవచ్చు. అందుకని ముందు గుళ్ళ అర తీసి, తర్వాత పైరేకు వెనక్కి లాగి లోపల చూడాలి. వరస తారుమారైతే ఇంకో గుండు పైకెక్కి కూర్చుంటుంది.

తర్వాత కేబుల్ తాళం. సైకిలు తాళం లాంటిదే, సన్నటి ఉక్కుతీగ. దాన్ని విరిచిన తుపాకీ గొట్టంలోకి వెనకనుంచి దూర్చి, ముందు చివరినుంచి లాగి తాళం వేశారు. తీగ అడ్డుంటే తుపాకీ మూసుకోదు, తూటా పట్టదు. ట్రిగ్గర్ తాళమని ఇంకోటుంది. ట్రిగ్గర్‌కి అటూ ఇటూ రెండు ముక్కలు బిగించేది. అదీ మంచిదే కానీ, గుళ్ళు నింపిన తుపాకీకి మాత్రం ఎప్పుడూ తగిలించకూడదు. బిగించేటప్పుడే ట్రిగ్గర్ కదిలి పేలొచ్చు. పైగా ఈ తాళాలేవీ తుపాకీని దొంగలెత్తుకుపోకుండా ఆపవు. అందుకే తాళం వేసిన తుపాకీని మళ్ళీ ఉక్కు బీరువాలో పెట్టాం.

తూటాలు ఆ బీరువాలో ఉంచలేదు. ఇనప డబ్బుల పెట్టెలో వేసి, తాళం వేసి, వేరే గదిలో గోడ అలమారలో పెట్టాం. డబ్బా తెరిచి లెక్కపెడితే 23 ఉన్నాయి. ఆ అంకె కాగితం మీద రాసి మూతకి లోపలివైపు అంటించాను. నెలకోసారి లెక్క చూస్తాం. ఒక్కటి తగ్గినా ఆ లెక్కలో తెలిసిపోతుంది.

ఇక తాళంచెవులు. అసలు కథంతా ఇక్కడే. మన ఇళ్ళలో బీరువా తాళాలు దిండు కింద, దేవుడి పటం వెనక, మడత చీరల మధ్య, లేదంటే అత్తగారి బొడ్డులో ఉంటాయి. ఇవి తెలియనిది ఇంటికొచ్చిన చుట్టాలకే గానీ పిల్లలకి కాదు. నగలకైతే అది చాలేమో. ఇప్పుడు మా తుపాకీ బీరువా చెవి మామయ్యగారి దగ్గర, తూటాల పెట్టె చెవి మా వారి దగ్గర ఉంటాయి. మారుచెవులు అంకెల తాళమున్న చిన్న పెట్టెలో ఉన్నాయి. ఆ అంకెలు ఎవరి పుట్టినరోజూ కావు!

"దొంగొస్తే ఇన్ని తాళాలు తీస్తూ కూర్చుంటామా?" అని మా అత్తయ్య అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్రాణభయంతో పిస్తోలు ఉంచుకునేవాళ్ళకి, మీటలు నొక్కితే క్షణాల్లో తెరుచుకునే చిన్న సేఫులున్నాయి. గోడకో నేలకో బోల్టులు బిగించాలి, లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. బ్యాటరీలు అయిపోకుండా చూసుకోవాలి. 2014లో ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' రివాల్వర్ని తెచ్చినప్పుడు దాన్ని నగలపెట్టెలాంటి ముచ్చటైన పెట్టెలో పెట్టి ఇచ్చారు. పెట్టె అందంగా ఉంటే పిల్లలు తెరవకుండా ఉంటారా? ఇంకా తొందరగా తెరుస్తారు!

చిన్నపిల్లల గురించే అనుకుంటాం కానీ, ఈ తాళాలు పెద్దపిల్లలకి మరీ అవసరం. ఇంటర్ ఫలితాల రోజో, ఇంట్లో మాటామాటా అనుకున్న రాత్రో మనసు విరిగిన పిల్లకి చేతికందే దూరంలో తుపాకీ ఉండకూడదు. 2005లో వచ్చిన ఓ అమెరికా పరిశోధనలో, తుపాకీకి తాళం వేయడం, గుళ్ళు తీసేయడం, తూటాలకి తాళం వేయడం, వాటిని విడిగా పెట్టడం అనే నాలుగింటిలో ఏది పాటించిన ఇళ్ళలోనైనా పిల్లల ప్రమాదాలూ ఆత్మహత్యాయత్నాలూ తక్కువగా కనిపించాయి. అయితే ఇంట్లో ఎవరైనా దిగులుతో కుంగిపోతున్నట్టు అనిపిస్తే, ఇంట్లో తాళాలమీద భరోసా పెట్టుకోవద్దు. ఆ తాళం తెలిసినవాళ్ళే ఆ బాధలో ఉండొచ్చు కదా! లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో భద్రపరచమని ఇచ్చి, మనసు కుదుటపడ్డాక తెచ్చుకోవడం మేలు.

టెక్సస్‌లో ఉన్న మా చెల్లెలు కొడుకుని స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపే ముందు ఫోన్ చేసి, "మావాడికి వేరుశనగ పడదండీ. ఇంట్లో కుక్క ఉందా? తుపాకీ ఉందా, ఉంటే తాళంలో ఉందా?" అని అడుగుతుంది. మొదట్లో బిడియపడేదట. అలవాటైపోయింది. ఈసారి సెలవులకి మా ఆడపడుచు కూడా ఊరికి వస్తూ, పిల్లాణ్ణి దింపకముందే గుమ్మంలోనుంచే వాళ్ళ నాన్నని అడిగింది. మామయ్యగారు జేబులోంచి చెవి తీసి చూపించారు.