పాల జ్వరమని ఎవరు తేల్చారు?

బాలింతకు ఒళ్లు కాలితే మన ఊళ్లలో పేరు ముందే సిద్ధంగా ఉంటుంది: పాల జ్వరం. అత్త అదే అంటుంది, ఆర్‌ఎంపీ అదే అంటాడు, ఆసుపత్రిలో చీటీ రాసే డాక్టరూ అదే అంటాడు. ఆ పేరు పెట్టేముందు ఆమె పొత్తికడుపు మీద ఎవరైనా చెయ్యి పెట్టి చూశారా అన్నదే నా ప్రశ్న.

పాలు నిండి జ్వరం రావటం అబద్ధం కాదు. కాన్పయిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడతాయి. సాధారణంగా ఒక్కరోజుకు మించి ఉండదు. మర్నాడూ తగ్గని జ్వరానికి ఆ పేరు చెల్లదు. అది గర్భసంచిలో చీము పట్టటం కాదని తేలేదాకా, అదేనని అనుమానించాల్సిందే.

నేను పనిచేసే మండలంలో ఒక కూలీ స్త్రీకి ఆసుపత్రిలో మామూలు కాన్పయింది. రెండోరోజే ఇంటికి పంపారు. నాలుగోరోజు చలిజ్వరం వచ్చింది. ఆర్‌ఎంపీ పాల జ్వరమని పారాసిటమాల్ ఇచ్చి, 80 మిల్లీగ్రాముల జెంటామైసిన్ సూది వేశాడు. ఆరోరోజు ఇంకోటి వేశాడు. ఎనిమిదోరోజు నేను చూసేసరికి జ్వరం 103 డిగ్రీలు, నాడి నిమిషానికి 124. రొమ్ములు మెత్తగానే ఉన్నాయి. గర్భసంచి మాత్రం బొడ్డుకు కొంచెం కిందనే చేతికి తగిలింది, ముట్టుకుంటే మూలిగింది. కాన్పు తర్వాత అది రోజుకు సుమారు ఒక వేలు చొప్పున దిగాలి. వారానికి సగం దూరమైనా దిగకపోతే లోపల ఏదో అడ్డుందని అర్థం. స్రావం కుళ్లు వాసన వేస్తోంది. ఎవరికీ చెప్పలేదేమని అడిగితే, "మైల సంగతి మగాయనకు ఎట్ల చెప్పేదక్కా?" అంది.

వాసన లేకపోతే భయం లేదనుకోవద్దు. అతి వేగంగా ప్రాణం తీసే కొన్ని క్రిములకు వాసనే ఉండదు. పరుగెత్తే నాడి, నొప్పిపెట్టే గర్భసంచి అంతకంటే నమ్మదగ్గ సాక్షులు.

ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మూత్రం, రొమ్ములు, కుట్లు, ఊపిరితిత్తులు, పిక్కలు వరుసగా చూసింది. మలేరియాకూ, క్రిముల పెంపకానికీ రక్తం తీసింది. ఫలితాల కోసం ఆగకుండా గంటలోపే మందు మొదలుపెట్టింది. తెల్లకణాల లెక్క ఒక్కదాన్నే నమ్మలేదు. కాన్పయిన ఆడదానికి అవి ఎలాగూ పెరిగే ఉంటాయి.

ఆ రెండు సూదులు ఎందుకు పనిచేయలేదో ఆమె నాకు వివరించింది. జెంటామైసిన్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజూ ఇవ్వాలి. 45 కిలోల మనిషికి 225 కావాలి. రెండ్రోజులకోసారి 80 వేస్తే ఏం లాభం? పైగా గర్భసంచిలో గాలి అక్కర్లేని క్రిములు కూడా చేరతాయి, జెంటామైసిన్ వాటినేమీ చెయ్యలేదు. అందుకే ఎనిమిది గంటలకోసారి 900 మిల్లీగ్రాముల క్లిండామైసిన్ నరానికి ఎక్కించాలి. పాలివ్వటం మానక్కర్లేదు. మూత్రం సరిగా వస్తోందా, మూత్రపిండాలు బాగున్నాయా మాత్రం చూస్తుండాలి.

జ్వరం పూర్తిగా తగ్గాక ఒకటి రెండు రోజులు కొనసాగించి ఆపేస్తారు. రెండు మూడు రోజులకీ తగ్గకపోతే మందులు మార్చుకుంటూ పోవటం కాదు, కారణం వెతకాలి. లోపల మాయ ముక్క ఉందా, కటిలో చీముగడ్డ ఉందా, నరంలో రక్తం గడ్డకట్టిందా చూడాలి. ఈమె విషయంలో స్కానింగు అదేరోజు చేశారు. రక్తపు గడ్డ కూడా స్కానింగులో మాయలాగే కనిపించవచ్చు. కానీ దిగని గర్భసంచి, ఆగని రక్తం కూడా మాయ ముక్క వైపే వేలు చూపాయి. మందు రక్తంతోనే చేరుతుంది. చచ్చిన ముక్కకు రక్తం అందదు గనుక అది బయటికి రావాల్సిందే. బాలింత గర్భసంచి మెత్తన, ఇనుప పరికరంతో గీకితే చిల్లుపడుతుంది. అందుకని కొన్ని గంటలు మందు ఎక్కించి, చేతి వాక్యూమ్ సిరంజితో నెమ్మదిగా తీశారు. బొటనవేలంత ముక్క వచ్చింది. రెండ్రోజుల్లో జ్వరం దిగింది.

ఆ ముక్క ఎనిమిది రోజులు లోపల ఉండిపోయిందంటే, కాన్పు బల్ల దగ్గర మాయను తిప్పి చూసిన వాళ్లు లేరన్నమాట. దీన్ని కర్మ అంటే నేను ఒప్పుకోను.

2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమాన్ని 2014లో కాన్పు తర్వాతి చిక్కులకూ విస్తరించారు. కనుక ఈ వైద్యం ఉచితంగా దొరకటం మన హక్కు, దయాధర్మం కాదు. మాయ పూర్తిగా వచ్చిందని చూసి, చూసినవారి సంతకంతో డిశ్చార్జి చీటీలో రాయమని అడుగుదాం. మూడోరోజు, ఏడోరోజు ఇంటికొచ్చే ఆశా బిడ్డ బరువుతో ఆగకుండా తల్లి జ్వరం, నాడి కూడా చూడాలి. 100.4 డిగ్రీలు దాటితే మాత్రలిచ్చి ఊరుకోకుండా ఆసుపత్రికి పంపాలి. నాడి 120 దాటితే అప్పటికప్పుడే బండి పిలవాలి. ఇకపై ఎవరైనా పాల జ్వరమంటే, కడుపు చూశారా అని ముందు అడుగుదాం.