మొత్తం చెప్పు, మిగిలింది చూద్దాం

శామీర్‌పేటలో ఉండే ఒక ఇల్లాలు తన భర్తకు రాసిన ఉత్తరం ఈ వారం నా చేతికొచ్చింది. ఎదురుగా మాట్లాడితే గొడవవుతుందని నాలుగు పేజీలు రాసి, ఆయన నైట్ షిఫ్టుకు వెళ్లేటప్పుడు టిఫిన్ సంచిలో పెట్టిందట. ఆయన తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు, ఆమె ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు 48 వేలు. ఇద్దరూ ఒప్పుకున్నాకే, పేర్లు తీసేసి, ఆ ఉత్తరంలోని కొన్ని మాటలు ఇక్కడ ఇస్తున్నాను.

“బావా, బాబు ఫీజు కట్టినవా లేదా అని బ్యాంకు స్టేట్‌మెంట్ తీసిన. రాత్రి పన్నెండు దాటినంక 500, 1000, 2000 పోయినయ్. ఒకే రాత్రి ఏడుసార్లు పోయినయ్. ప్రతిసారి వేరే పేరు. అందుల ఒక్కరు గూడ మనకు తెల్సినోళ్లు కారు.”

ఆమె పట్టుకున్న గుర్తు సరైనదే. బెట్టింగ్ యాప్‌లు సొంత పేరుతో డబ్బు తీసుకోవు. ఎవరెవరి ఖాతాలనో అద్దెకు తీసుకుని, ఆ యూపీఐ ఐడీలను మారుస్తూ ఉంటాయి. అందుకే స్టేట్‌మెంట్‌లో యాప్ పేరు ఎక్కడా ఉండదు, అర్ధరాత్రి వేళ ముక్కూముఖం తెలియని పేర్లు వరసగా కనిపిస్తాయి. పోయిన 500 రాబట్టుకోవడానికి 1000, అది రాబట్టుకోవడానికి 2000. అంకె ఎలా పెరిగిందో చూస్తే ఆ రాత్రి ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో అర్థమవుతుంది.

నన్ను కదిలించింది మాత్రం రెండో పేజీ.

“అడిగితే లక్షన్నర అన్నవ్. అది మొత్తం కాదని నీ మొహం జూస్తెనే తెల్సింది. నాయిన దగ్గర తెచ్చి ఆ లక్షన్నర కట్టగల్గుత. కాని సగం చెప్పి సగం దాస్తివంటే, ఆ సగం కోసం నువ్వు మల్ల ఆడుతవ్. నాకు అప్పు భయం లేదు బావా, నాకు తెల్వని అప్పంటెనే భయం. మొత్తం చెప్పు. నేను తిట్ట, అరువ. చెప్పినంక ఇద్దరం కూసోని చూద్దాం.”

ఇలాంటి ఇళ్లు కూలేది ఈ సగం ఒప్పుకోలు దగ్గరే. పుట్టింటివాళ్లో అత్తింటివాళ్లో చెప్పినంత మేరకు తీరుస్తారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. దాచిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు. అది తీర్చే దారి అతనికి ఇంకొక్క ఆటలోనే కనిపిస్తుంది. పైగా తీర్చిన క్రెడిట్ కార్డు లిమిట్ మళ్లీ ఖాళీగా ఎదురుగా ఉంటుంది.

ఆమె చేసిన పని చెబుతాను. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రుణ నివేదికను ఉచితంగా ఇవ్వాలి. భర్త ఫోన్ నంబరుతోనే, అతని పక్కనే కూర్చుని తీయించింది. బ్యాంకు పర్సనల్ లోన్ 2,50,000. క్రెడిట్ కార్డు మీద 90,000. ఆమె చంద్రహారం మీద గోల్డ్ లోన్ 1,80,000. మూడు లోన్ యాప్‌లలో 45,000. నివేదిక చెప్పగలిగింది అంతవరకే. తోటి ఉద్యోగుల దగ్గర తెచ్చిన చేబదుళ్లు ఏ సంస్థ కాగితంలోనూ ఉండవు, ఆ మాట మనిషి నోటి నుంచే రావాలి. వచ్చింది, 1,20,000. మొత్తం 6,85,000.

ఇంటి అద్దె, బియ్యం, ఫీజులు పోను నెలకు మిగిలేది 22 వేలు. బ్యాంకు ఈఎంఐ ఎనిమిదిన్నర వేలు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం చొప్పున 3,150, బంగారం మీద వడ్డీ 1,800. ఇలా వడ్డీలే కడుతూ పోతే కార్డు అసలు రూపాయి తగ్గదు. అందుకని ఆమె హారం అమ్మేద్దామంది. బంగారం ధర పెరిగింది కాబట్టి, దాంతో గోల్డ్ లోన్, కార్డు, యాప్‌లు మూడూ తీరిపోతాయి. మిగిలిన 22 వేలలో ఈఎంఐ పోను నెలకు పదివేల చొప్పున చేబదుళ్లు కడితే ఏడాదిలో అవీ అయిపోతాయి. ఇంకా 3,500 చేతిలో ఉంటుంది. కార్డు బాకీ కట్టిన రోజే కార్డును రద్దు చేయాలని షరతు పెట్టింది. జీతం పడే ఖాతాలో యూపీఐ పరిమితి తగ్గించమంది. చాలామంది వదిలేసేది సరిగ్గా ఈ రెండూ. ఉత్తరం చివర ఆమె రాసిన మాటలివి.

“హారం పోతె మల్ల చేయించుకుంట. వారానికోసారి స్టేట్‌మెంట్ ఇద్దరం కల్సి చూద్దాం. నువ్వు ఆడినవని నిన్ను దొంగలెక్క చూడ. ఆడబుద్ధయిన రాత్రి నన్ను లేపు.”

ఆ ఆఖరి మాట రాయడానికి ఎంత గుండె కావాలో! 2025 మార్చిలో, ఐపీఎల్ రోజుల్లో, మేడ్చల్ పక్కన గౌడవెల్లి దగ్గర బెట్టింగ్‌లో నష్టపోయిన ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడు. లేపడానికి పక్కన మనిషి లేని రాత్రుల్లో 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఇంటి గుట్టు రచ్చకెక్కించిందని ఆమె ఆడపడుచు కోప్పడిందట. అది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. గుట్టు వల్లే కదా అప్పు ఆరు లక్షలు దాటింది! పరువు పోతుందనే భయమే లోన్ యాప్‌వాళ్ల పెట్టుబడి. బంధువులకు ఫోన్ చేసి అవమానించడాన్నీ, ఉదయం ఎనిమిదికి ముందూ రాత్రి ఏడు తర్వాతా వసూలు కోసం పిలవడాన్నీ రిజర్వు బ్యాంకు 2022లోనే నిషేధించింది. హామీ సంతకం చేయని భార్య దగ్గర భర్త పర్సనల్ లోన్ వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది, నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడినవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. తెలంగాణ అయితే 2017లోనే నిషేధించింది. అయినా టెలిగ్రామ్ లింకుల్లో ఆట నడుస్తూనే ఉంది. కాబట్టి చట్టం ఉందిగా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండే రోజు ఇంకా రాలేదు.

బ్యాంకుల సంగతికి వస్తాను. ఎన్నాళ్లనుంచో ఇదే రాస్తున్నాను, మళ్లీ రాస్తాను. ఆ రెండున్నర లక్షల లోన్ ఆయన ఏ మేనేజరు ముందూ కూర్చోకుండా, అర్ధరాత్రి, ఫోన్లో రెండుసార్లు నొక్కి తీసుకున్నాడు. “మీకు ముందే మంజూరైంది” అని బ్యాంకే సందేశం పంపింది. అదే బ్యాంకు ఖాతాలో అదే రాత్రి ఏడుసార్లు డబ్బు బయటికి పోయింది. మోసం జరుగుతోందేమోనని కొత్త ఊళ్లో కార్డు గీకితే ఆపేసే బ్యాంకులకు ఇది కనిపించదా? శామీర్‌పేటలో పొదుపు సంఘం మహిళ యాభైవేలు అడిగితే గ్రూపు తీర్మానం, సంతకాలు, ఫొటోలు అడుగుతారు. తీర్చే అలవాటున్న ఆ మనిషికి అన్ని ప్రశ్నలు, అర్ధరాత్రి ఆడేవాడికి ఒక్క ప్రశ్నా లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఫోన్లో పర్సనల్ లోన్ మంజూరు చేయకూడదని రిజర్వు బ్యాంకు ఒక్క ఆదేశం ఇవ్వాలి. అప్పు నిజంగా అవసరమైనవాడు పొద్దున దాకా ఆగగలడు.