నియంత్రిత సమూహం అంటే ఏ ఊరు?



నర్సింగ్ చదువుతున్న మన కోయ చెల్లి ఒకమ్మాయి హాస్టల్ నుంచి ఫోటో పంపింది. ఒక ఇంగ్లీషు పరిశోధనా పత్రం మొదటి పేజీ అది. లైబ్రరీలో ట్యూబ్‌లైట్ కింద తీసింది. "అన్నా, ఇది మన ఆదివాసీ ఊళ్ల గురించే అంట. సెమినార్‌లో చెప్పాలి. వీళ్లు ఏం చేశారు, ఏం తేలింది? తెలుగులో రాసి పంపరా?" అని అడిగింది.

మన వాళ్లు ఇద్దరు రెండు రకాలుగా రాసి పంపారు. ఒకరిది నిఘంటువు తెలుగు: "యాదృచ్ఛికీకరణ ద్వారా జోక్య సమూహాలు, నియంత్రిత సమూహాలుగా విభజించగా..." ఇంకొకరిది పోస్టర్ తెలుగు: "మహిళా సంఘాలతో శిశుమరణాలు సగానికి తగ్గాయి!"

మొదటిది చదివి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వినండి. "అన్నా, నియంత్రిత సమూహం అంటే జబ్బుని కంట్రోల్ చేసిన ఊళ్లా? మరి ఆ ఊళ్లల్లోనే పిల్లలు ఎక్కువ ఎందుకు చనిపోయారు?"

తప్పు ఆమెదా? కాదు, మనదే. ఆమె తర్కం సరిగ్గానే ఉంది, మనమిచ్చిన మాటే ఆమెను తప్పు దారిలో పెట్టింది. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు చదువుకుంటున్న పిల్లకి మనం నాలుగో భాష నేర్పబోయాం. పోస్టర్ రాసినాయన అసలు భాషే లేకుండా చేశాడు, నినాదం ఒక్కటే మిగిల్చాడు. ఈ రెండూ అనువాదం కాదనేదే నా వాదన. ఎందుకో ఆ పత్రం మీదే చూద్దాం.

అది 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ప్రశాంత త్రిపాఠీ, ఆయన సహచరులు రాశారు. జార్ఖండ్, ఒడిశాల్లో ఆదివాసీలు ఎక్కువగా ఉండే పల్లెల్లో ఏక్‌జుట్ అనే సంస్థ చేసిన పని గురించి.

అనువాదానికి ముందు ఫోటో సంగతి తేల్చుకోవాలి. లాన్సెట్ వాళ్లు దశాంశ బిందువుని అడుగున పెట్టరు, అంకెల నడుమ కాస్త పైకి పెడతారు: 0·68, 55·6. ఫోటో మసకబారితే ఆ చుక్క మాయమవుతుంది, లేదంటే చిన్న గీతలా కనిపిస్తుంది. మన నిఘంటువు మిత్రుడు "వెయ్యికి 556 మరణాలు" అని రాసింది అందుకే. వెయ్యి మంది పుడితే సగం మందికి పైగా పోయారంటే మనకి అనుమానం రావద్దా? అది 55.6.

చుక్క ఎక్కడుందో తేల్చుకునే దారి ఆ పేజీలోనే ఉంది. "32 శాతం తక్కువ" అన్న దాని పక్కనే 0.68 ఉంది. 1 నుంచి 0.68 తీసేస్తే 0.32. అలాగే 45 శాతం పక్కన 0.55, 57 శాతం పక్కన 0.43. మూడు జతలూ సరిపోయాయి కాబట్టి మనం సరిగ్గానే చదివాం. ఇలా సరిచూసుకునే దారి లేని అంకెని ఊహించి రాయకూడదు. పేజీని బల్ల మీద చదునుగా పరిచి, కిటికీ వెలుతురులో, నాలుగు అంచులూ కనపడేలా నిటారుగా పైనుంచి ఇంకో ఫోటో తీయమని అడగాలి. ఆమె మొదటి ఫోటోలో కుడి అంచు తెగిపోయింది. తల్లుల డిప్రెషన్ గురించిన వాక్యం సగమే పడింది. పోస్టర్‌లో ఆ సంగతే లేదు, గమనించారా?

ఇక పద్ధతి సంగతి. మొత్తం 36 ప్రాంతాలు, సుమారు 2,28,186 జనాభా. ఒక్కో ప్రాంతం అంటే కొన్ని ఊళ్ల గుంపు. ఏ గుంపు ఎటు వెళ్లాలో పరిశోధకులు తమ ఇష్టప్రకారం ఎంచుకోలేదు. చీటీలు తీసినట్టుగా 18 ఇటు, 18 అటు పంచారు. 'యాదృచ్ఛికీకరణ' అనే కొండంత మాట వెనక ఉన్నది ఈ చీటీయే. చీటీ ఎందుకు? ముందే బాగున్న ఊళ్లని తమ వైపు పెట్టుకుని, తర్వాత "చూడండి మా పని వల్ల ఎంత బాగుపడ్డాయో" అనకుండా ఉండటానికి. ఇది చెప్పకపోతే ఆ అమ్మాయికి పద్ధతి చెప్పనట్టే.

ఒక వైపు 18 ప్రాంతాల్లో మహిళా బృందాలు నడిపారు. ఒక్కో కార్యకర్త నెలనెలా 13 బృందాలని కూర్చోబెట్టేది. (మన అనువాదంలో ఇది "నెలకు 13 సమావేశాలు జరిగాయి" అయింది. 13 బృందాలు అనేది ఒక మనిషి మోసే పని, ఒక ఊరి లెక్క కాదు.) కాన్పులో, పసిబిడ్డల విషయంలో వచ్చే కష్టాలేంటో, వాటికి తాము ఏం చేయగలమో ఆడవాళ్లే మాట్లాడుకుని, నిర్ణయించుకుని, చేసేవారు. దీన్ని 'జోక్యం' అంటే పోలీసోళ్లో ఫారెస్టోళ్లో వచ్చి తలదూర్చినట్టు ఉంటుంది. 'మహిళా బృందాల పని' అంటే సరిపోతుంది.

రెండో వైపు 18 ప్రాంతాల్లో ఈ బృందాలు నడపలేదు. అవే 'కంట్రోల్'. ఇక్కడ ఆ మాటకి అదుపు అనే అర్థం లేదు, పోల్చి చూసుకోవడానికి ఉంచినవి అని అర్థం. 'పోలిక ఊళ్లు' అనండి. ఆ అమ్మాయి ప్రశ్న అక్కడికక్కడే తీరిపోతుంది.

ఇంకో మాట 'ఇంటెన్షన్ టు ట్రీట్'. దీన్ని "చికిత్స చేసే ఉద్దేశం" అని రాసిపారేశాం. ఇక్కడ చికిత్సా లేదు, ఉద్దేశమూ లేదు. చీటీలో ఏ వైపు వచ్చిన ఊరిని ఆ వైపే లెక్కించారని దాని భావం. బృందాలున్న ఊళ్లో ఒకామె ఒక్క సమావేశానికీ రాకపోయినా ఆమె కాన్పు ఆ ఊరి లెక్కలోనే పడుతుంది. వచ్చినవాళ్లని మాత్రమే లెక్కిస్తే, చొరవ ఉన్నవాళ్ల మంచి ఫలితం పనికి వచ్చిన మంచి పేరుగా మారిపోతుంది. ఇది వాళ్ల లెక్కలోని నిజాయితీ. అనువాదంలో అది పోగొట్టింది మనమే.

ఇప్పుడు ఫలితం. 2005 నుంచి 2008 వరకు మూడేళ్లలో 19,030 కాన్పులు లెక్కలోకి వచ్చాయి. వాళ్లు కొలిచింది నవజాత మరణాలు, అంటే పుట్టిన 28 రోజుల్లోపు పోయిన బిడ్డలు. పోస్టర్‌లో ఉన్న 'శిశుమరణాలు' అనే మాట ఏడాదిలోపు మరణాలకి వాడతాం. నర్సింగ్ విద్యార్థి ఈ రెండూ కలిపి చెబితే మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది.

బృందాలున్న ఊళ్లల్లో వెయ్యికి మొదటి ఏడు 55.6, రెండో ఏడు 37.1, మూడో ఏడు 36.3. పోలిక ఊళ్లల్లో 53.4, 59.6, 64.3. మూడో ఏడు చూస్తే వెయ్యి కాన్పులకి 28 మంది బిడ్డల తేడా. "32 శాతం తక్కువ" అంటే వందలో 32 మందిని బతికించారని కాదు. పోలిక ఊళ్లల్లో ఉన్న ముప్పుతో పోలిస్తే, మూడేళ్లూ కలిపి చూసినప్పుడు, ఇక్కడ ముప్పు దాదాపు మూడో వంతు తక్కువ అని. పోస్టర్‌లోని 'సగం' వచ్చింది 45 శాతం నుంచి. అది రెండు, మూడు ఏళ్లకి మాత్రమే సంబంధించిన అంకె.

0.68 పక్కన ఇంకో రెండు అంకెలు ఉన్నాయి: 0.59, 0.78. అసలు విలువ ఈ రెంటి మధ్య ఉండొచ్చని లెక్క. 1 వస్తే రెండు వైపులా తేడా లేనట్టు. ఈ రెండూ 1 కంటే తక్కువే కాబట్టి తేడా కేవలం అదృష్టం కొద్దీ వచ్చిందని కొట్టిపారేయడం కష్టం. ఇంత చెబితే చాలు.

మనం దాచిన సంగతి కూడా చెప్పాలి. వాళ్లు ముందే రెండు విషయాలు కొలుస్తామన్నారు: పసిబిడ్డల మరణాలు, తల్లుల డిప్రెషన్. డిప్రెషన్‌లో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మూడో ఏడు మాత్రం మధ్యస్థాయి డిప్రెషన్ 57 శాతం తక్కువగా ఉంది. మొదటి వాక్యం వదిలేసి రెండోది చెబితే అబద్ధం, మొత్తం వదిలేస్తే దాచడం. ఇంకొకటి: పోలిక ఊళ్లల్లో మరణాలు ఉన్నచోటే ఉండలేదు, పెరిగాయి. అంటే రెండు వైపుల తేడాలో కొంత ఇటు తగ్గడం వల్ల, కొంత అటు పెరగడం వల్ల వచ్చింది. ఎందుకు పెరిగాయన్నది సారాంశంలో లేదు. సెమినార్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. "సారాంశంలో కారణం లేదు, లోపలి పేజీలు చూడాలి" అనే జవాబుతో ఆమెను పంపాలి, కట్టుకథతో కాదు.

"ఇవన్నీ చెబితే మన వాదన బలహీనపడదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆయనకి నా జవాబు ఇదీ: మన గూడేల గురించి ఎవరెవరో వచ్చి లెక్కలు రాసుకుపోతారు. ఆ లెక్క ఎలా కట్టారో మన పిల్లకి తెలిస్తేనే రేపు ఇంకో అధికారి చూపించే అంకెని "పోలిక ఊళ్లు ఏవి సార్? ఎవరిని లెక్కించారు?" అని నిలదీయగలదు. నినాదం మాత్రమే నేర్చిన పిల్ల ఎదుటివాడి నినాదం ముందు నోరు మూసుకోవాల్సి వస్తుంది.

చివరికి ఆమెకి పంపింది ఇదీ:

"ఊళ్ల గుంపులు 36 తీసుకుని, చీటీ వేసినట్టుగా 18 చొప్పున రెండు వైపులకి పంచారు. ఒక వైపు ప్రతి నెలా మహిళా బృందాలు కూర్చుని కాన్పు, పసిబిడ్డల కష్టాల మీద తామే దారులు వెతికారు. రెండో వైపు ఆ బృందాలు లేవు. సమావేశానికి వచ్చినా రాకున్నా ఆ ఊరి కాన్పులన్నీ ఆ ఊరి లెక్కలోనే వేశారు. మూడేళ్లలో, 28 రోజుల్లోపు బిడ్డ చనిపోయే ముప్పు బృందాలున్న వైపు 32 శాతం తక్కువగా ఉంది. తల్లుల డిప్రెషన్‌లో మొత్తం మీద స్పష్టమైన తేడా తేలలేదు, మూడో ఏడు మధ్యస్థాయి డిప్రెషన్ మాత్రం తగ్గింది. ఆరోగ్య కార్యకర్తలు చేసే పనికి తోడుగా దీన్ని వాడుకోవచ్చని రచయితల అభిప్రాయం."

పంపి ఊరుకోలేదు. "ఇది మీ అమ్మకి ఫోన్‌లో కోయలో చెప్పి చూడు, ఎక్కడ ఆగిపోతావో నాకు చెప్పు" అన్నాం. ఒక్కచోట ఆగిందట, 'శాతం' దగ్గర. అప్పుడు వెయ్యి కాన్పులకి 64, 36 అని చెప్పిందట. వాళ్లమ్మ వెంటనే అడిగిందట: "ఆ బృందాల్లో వాళ్లు ఏం మాట్లాడుకున్నారే?"

సరైన ప్రశ్న. ఇప్పుడు లోపలి పేజీల ఫోటోలు అడిగాం.